ఎడమ డెబ్భై రెండు, కుడి డెబ్భై

శ్యామలాంటీ గురించి చెప్పాలంటే ముందు ఆమె మోకాళ్ల గురించి చెప్పాలి. ఆమె కూడా ఎవరితో మాట్లాడినా అక్కడినుంచే మొదలుపెడుతుంది. మిర్యాలగూడలో సాగర్ రోడ్డు పక్క సందులో ఆమెది రెండంతస్తుల ఇల్లు. కింద ఆమె, ఆమె భర్త కృష్ణమూర్తి అంకుల్. పైన నేను కిరాయికి. ఇంటినుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తాను, రోజంతా చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఎవరెవరి ఫిర్యాదులో వింటాను. ఆంటీ కిందనుంచి "సుకన్యా" అని పిలిస్తే మాత్రం బడ్స్ తీయకుండానే వినిపిస్తుంది. మెట్లు ఎక్కలేని మనిషి కదా, గొంతే పైకి పంపుతుంది.

ఊళ్లో ధాన్యం వ్యాపారం చేసే కుటుంబాల్లో వాళ్లది పాతది. అంకుల్ యౌవనమంతా వాళ్ల రైస్ మిల్లులోనే గడిచింది. ఆఫీసు గది గోడకు అవతలే మిషన్లు. వాటి మోతలో ముప్పై ఏళ్లకు పైగా కూర్చుంటే చెవులు ఏమవుతాయో అదే అయింది. అయితే ఆయన ఒప్పుకోలేదు. "వాళ్లే మెల్లగ మాట్లాడుతున్నరు" అనేవాడు. చెవిటి మిషన్ పెట్టుకోమంటే ఇంట్లో యుద్ధమే. బేరాల దగ్గర కూర్చునే మనిషికి చెవుడని తెలిస్తే ఎదుటివాళ్లు ఆయన ముందే గుసగుసలాడుకుంటారట. ఆ భయం నిజమేనేమో నాకు తెలియదు. ఆయన మొండితనం మాత్రం నిజం.

చివరికి వాళ్లమ్మాయి అక్షిత ఉపాయం చేసింది. బెంగళూరులో ఉద్యోగం ఆ పిల్లది. చుట్టుపక్కల మాటల్ని పెంచి చెవిలో వినిపించే ఇయర్‌బడ్స్ కొని పంపింది. "ఇవి కాలేజీ పిల్లలు పెట్టుకునేవి డాడీ, మిషన్ కాదు" అంది. అంతే, అంకుల్ మురిసిపోయి పెట్టుకున్నాడు. మిల్లులో అందరూ "సేటుకు కొత్త సోకులు వచ్చినయ్" అని నవ్వారట. ఆ నవ్వు ఆయనకు బాగా నచ్చింది, ఎందుకంటే అది స్పష్టంగా వినపడింది.

వాటిని వాడే పద్ధతి కూడా ఆయనే కనిపెట్టుకున్నాడు. మాటల్ని పెంచి వినిపించే పని పెట్టినప్పుడు బడ్స్ చార్జింగ్ తొందరగా తాగుతాయి. అందుకని ఒక చెవిదే పెట్టుకుని రెండోదాన్ని డబ్బాలో చార్జింగుకు వదిలేస్తాడు. ఇది అయిపోగానే అది. పొద్దున వచ్చిన రైతు ఆయనకు ఎడమ పక్కన కూర్చోవాలి, మధ్యాహ్నం వచ్చిన బ్రోకరు కుడి పక్కన. ఇలా మిల్లులో ఉన్నంతసేపూ వినేవాడు. చీకటి పడి ఇంటికొచ్చేసరికి రెండూ చెవుల్లోనే ఉండేవి. ఆంటీ ఏది చెప్పినా "ఊఁ" అనేవాడు. కూర బాగుందా అంటే ఊఁ. పాలవాడు రాలేదంటే ఊఁ. చెవుల్లో బడ్స్ ఉన్నాయి కదా, విన్నాడనే ఆమె అనుకునేది.

ఆమె కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. సూర్యాపేటలో డాక్టరు మోకాలి చిప్ప మార్చాల్సిందేనని చెప్పి రెండేళ్లయింది. ఆమె వాయిదాలు వేసి వేసి, చివరికి స్నానాల గదిలో గోడ పట్టుకుని లేవలేక గంటసేపు కూర్చుండిపోయిన రోజున ఒప్పుకుంది. తేదీ తీసుకుంది. బాధ్యత తీసుకునే మనిషి ఒకరు తోడు ఉండాలి, కాగితాల మీద సంతకం పెట్టాలి అన్నారు. నేను వస్తానన్నాను. అక్షిత సెలవు పెడతానంది. ఆంటీ ఇద్దరినీ ఆపేసింది. "కట్టుకున్నాయన ఉండంగ మీరెందుకు?" అంది.

అన్నం పెడుతూ ఆయనకు చెప్పింది, ఫలానా సోమవారం అని. ఊఁ అన్నాడు. ఆదివారం మళ్లీ చెప్పింది. మళ్లీ ఊఁ. సోమవారం తెల్లవారకముందే ఆమె తయారై, బట్టల సంచి గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చుంది. నేను కిందికి దిగేసరికి ఇంటిముందు కారు లేదు. "కోదాడ పోయిండు. సన్నొడ్ల బేరం ఉన్నదట, గుమాస్తా సెప్పిండు. నేను బాత్‌రూంల ఉన్నప్పుడే పోయిండు" అంది. ఏడవలేదు. ఆసుపత్రికి తనే ఫోన్ చేసి రాలేకపోతున్నానని చెప్పింది. సంచిలోని బట్టలు తీసి బీరువాలో మడతపెట్టింది. నాకైతే ఆ మనిషిని కోదాడ సెంటర్లో నిలబెట్టి కడిగేయాలనిపించింది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె ఆయనతో మాట్లాడలేదు. అంకుల్‌కు తేడా తెలిసిందో లేదో నాకు అనుమానమే. ఒకరోజు నా వర్క్ అయ్యాక కిందికి వెళ్తే పప్పు ఏరుతూ అడిగింది.

"సుకన్యా, నాకొకటే తెల్వాలె బిడ్డా. ఆయన వినలేదా, విని ఊకున్నడా? వినలేదంటే చెవుల గాచారం అనుకుంట. విన్నడంటే మాత్రం ఇంకోపాలి డేటు తీసుకోను. కుంటుకుంటనే చస్త."

ఆమె ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదు. నాకు భయమేసింది. అప్పుడే ఒక విషయం తట్టింది.

"ఆంటీ, రాత్రి ఇంటికొచ్చేసరికి వాటిల్ల చార్జింగ్ ఉంటుందా?"

ఆమె నావైపు చూసింది. "చార్జింగ్ ఏంది? చెవుల్ల ఉంటయ్ గద."

ఆ రాత్రి అంకుల్ వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. రెండు బడ్స్ చెవుల్లో మెరుస్తున్నాయి. నేను ఆయన వెనకనుంచి, కొంచెం గట్టిగానే, "అంకుల్, మీ చొక్కా చిరిగింది" అన్నాను. ఆయన టీవీ వైపు చూస్తూ తల ఊపాడు. ఆయన ఫోన్ బల్ల మీద ఉంది. సెట్టింగ్స్‌లో కనెక్ట్ అయిన పరికరాల పేజీ తెరిచి ఆంటీకి చూపించాను. బడ్స్ పేరు ఉంది, కానీ ఫోన్‌తో కలిసి లేవని రాసి ఉంది. అంకుల్ చెవుల నుంచి తీసి డబ్బాలో పెట్టి మూత తెరిచి ఉంచాను. అప్పుడూ ఏమీ రాలేదు. డబ్బాకు వైరు గుచ్చి, కాసేపు ఆగి మళ్లీ మూత తెరిచాను. ఈసారి ఫోన్‌లో మూడు బొమ్మలు వచ్చాయి. ఎడమ తొమ్మిది, కుడి తొమ్మిది, డబ్బా మూడు.

"అంటే ఇప్పటిదాంక?" అంది ఆంటీ.

"ఖాళీ. రెండు బడ్స్ ఖాళీ, డబ్బా ఖాళీ. చెవుల్లో దూది పెట్టుకున్నట్టే."

ఆమె ముఖం చూడాలి. కోపం రావాల్సిన మనిషికి వెలుగొచ్చింది. ఇన్నాళ్ల ఊఁలన్నీ వినపడక అన్న ఊఁలేనని తేలితే అది ఆమెకు శుభవార్త! నాకు నవ్వూ వచ్చింది, మనసు కూడా చివుక్కుమంది.

బడ్స్‌కు కొంచెం ప్రాణం వచ్చాక ఆయన చెవుల్లో పెట్టి విషయం చెప్పాం. అంకుల్ ముందు తెల్లబోయి, తర్వాత గబగబా ఒప్పుకున్నాడు.

"అదే, అదే! బ్యాటరీ అయిపోయింది. నాకేం తెలుసు? మధ్యాన్నం మా గుమాస్తా జీవన్ ఆఫీసు కంప్యూటర్ల సూపిస్తడు, తొంభై ఉన్నది సేటూ అంటడు. తొంభై ఉంటే రాత్రిదాంక వస్తదనుకున్న."

మిల్లర్ల ఆన్‌లైన్ మీటింగుల కోసం బడ్స్‌ను ఆఫీసు కంప్యూటర్‌కు కూడా జతచేశారట. ఆ కంప్యూటర్‌లో బ్లూటూత్ పేజీ తెరిస్తే ఒకటే అంకె వస్తుంది. దాన్ని చూసి మొత్తం సరుకు అంతే అనుకున్నాడు ఈయన. నేను కూర్చోబెట్టి చెప్పాను. ఆ అంకె చెవిలో ఉన్నదానిది మాత్రమే, డబ్బా లెక్క అందులో ఉండదు. డబ్బాలో ఎంతుందో తెలియాలంటే కనీసం ఒక బడ్ దాంట్లో ఉండాలి, మూత తెరవాలి, ఫోన్‌లో చూడాలి. రెండూ చెవుల్లో పెట్టుకుని డబ్బా మూసి జేబులో వేసుకుంటే డబ్బా సంగతి ఫోన్‌కు కూడా తెలియదు.

"గోదాంల ఉన్నదాన్ని లెక్కపెట్టకుండ కాంటా మీద ఉన్నదాన్నే సూస్తున్ననన్నమాట" అన్నాడు. తెలివిగలవాడే, అర్థం చేసుకోవాలనుకుంటే.

"వినపడకపోతే వినపడలేదని సెప్పొచ్చు గద" అంది ఆంటీ.

"రోజూ రాత్రి అదే మాట ఏం సెప్పాలె, శ్యామలా" అని నసిగాడు.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో చార్జింగ్ శాఖ ఆంటీ చేతికి వచ్చింది. ఆయన ఫోన్ మొదటి తెర మీదే బ్యాటరీ కనపడేలా నేను పెట్టి ఇచ్చాను. ఆయన ఇంట్లో అడుగుపెట్టగానే ఆంటీ చెయ్యి చాపుతుంది, ఆయన చెవులు తీసి ఇస్తాడు. డబ్బాలో పెట్టి, వైరు గుచ్చి, ఆయన స్నానం ముగించి దేవుడికి దండం పెట్టుకునేలోపు మూత తెరిచి ఫోన్ చూస్తుంది. "ఇంక యాభై గాలేదు, అన్నం ఆగాలె" అనేది. యాభై దాటితేనే కంచం పెట్టేది. మేడమీదికి వినపడేలా అంకెలు చదివేది కూడా. నేను పైనుంచి "ఎంత ఆంటీ?" అంటే "అరవై, అరవై, డబ్బా ఇరవై" అని కేక వచ్చేది. అంకుల్ కూడా కూర బాగుందని, ఉప్పు తగ్గిందని, పాలవాడు ఎందుకు రాలేదని మాటలు కలపడం మొదలుపెట్టాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ ఇంట్లో భోజనాల దగ్గర రెండు గొంతులు వినపడ్డాయి.

ఆమె ఆపరేషన్‌కు మళ్లీ తేదీ తీసుకుంది. ఈసారి బుధవారం. ఆ సంగతి అంకుల్‌కు ఎప్పుడు, ఎలా చెప్పాలో నాతో ముందే మాట్లాడుకుంది. శుక్రవారం రాత్రి చెప్పింది. చెప్పబోయే ముందు, బడ్స్ ఆయన చేతికి ఇచ్చేటప్పుడు, మూత తెరిచి అంకెలు చూసుకుందట. మర్నాడు పొద్దున నాకు చెప్పింది. ఏమన్నాడు అని అడిగాను.

"ఊఁ అన్నడు" అంది. ఆ ఊఁ మునుపటి ఊఁ కాదన్న ధీమాతో చెప్పింది. నేనూ అలాగే నమ్మాను.

మంగళవారం పొద్దున ఉప్మా గిన్నె తిరిగి ఇద్దామని కిందికి దిగాను. అంకుల్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆంటీ సోఫాలో కూర్చుని మందుల చీటీలు సర్దుకుంటోంది.

"రేపు నేను కోదాడ పోవాలె. పొద్దుగాలనే ఎల్లిపోత" అన్నాడు ఆయన, అద్దంలో చూసుకుంటూ.

ఆంటీ చేతులు ఆగిపోయాయి. "రేపు సూర్యాపేట గద."

"సూర్యాపేటనా? ఎందుకు?"

"ఆపరేషన్. శుక్రవారం సెప్పిన గద."

"ఎప్పుడు సెప్పినవ్?" ఆయన ఇటు తిరగలేదు. "నాకు వినపడలే. బ్యాటరీ అయిపోయి ఉంటది."

నేను ఏదో అనబోయాను. ఆంటీ చెయ్యెత్తి నన్ను ఆపింది. ఆమె గొంతు పెంచలేదు. మెట్లమీదుగా నా గదిదాకా వచ్చే ఆ గొంతు, ఆ రోజు సోఫా దాటి పోలేదు.

"ఎడమ డెబ్భై రెండు. కుడి డెబ్భై. డబ్బా నలభై. సూసి మీ చేతుల పెట్టిన. చెవుల పెట్టుకున్నరు. పెట్టుకున్నంక పప్పుల ఉప్పెక్కువైందన్నరు. నేను మెల్లగ ఎక్కువ కాలే అంటే, నాలిక మీది ఉప్పు అబద్ధమాడుతదా అన్నరు. అప్పుడే డేటు సెప్పిన."

అంకుల్ చూపు అద్దంలోనే ఉండిపోయింది. బయట ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, ఎంతకీ అందుకోవడంలేదు. నేను గిన్నె పట్టుకుని అక్కడ ఎందుకున్నానా అనుకున్నాను.

"మరి మొదటిపాలి?" అంది ఆంటీ. "అప్పుడు ఖాళీనే, నేనే సూసిన. కానీ గుమ్మం కాడ సంచి ఉండె. చెవులు లేకున్నా కండ్లు ఉన్నయ్ గద. సంచి దాటుకొని పోయిన్రు."

అప్పుడు ఇటు తిరిగాడు. ఆ మనిషిని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మ నడుసుకుంటనే పోయింది" అన్నాడు. "హైదరాబాద్ దవాఖానకు. గర్భసంచి ఆపరేషన్, సిన్నదే అన్నరు. సంతకం నేనే పెట్టిన. పెన్ను గూడ వాళ్లే ఇచ్చిన్రు. మళ్ల అంబులెన్స్‌ల తెచ్చుకున్న. నా చేతితోని ఇంకొక సంతకం పెట్టుడు నాతోని కాదు. బేరం లేదు ఏం లేదు. కోదాడల బస్టాండ్ ముంగట కార్ల కూసొని మధ్యాన్నం దాంక ఉన్న ఆ రోజు."

ఆంటీ వాళ్ల అత్తగారు ఆపరేషన్‌లో పోయిందని నాకు తెలుసు. ఆంటీకి తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ సంతకం ఈయనే పెట్టాడన్నది ఆమెకు కూడా అప్పుడే గుర్తొచ్చినట్టుంది. అయినా ఆమె మెత్తబడలేదు. నాకది నచ్చింది.

"మీకు భయం, కాబట్టి నేను కుంటుకుంట బతకాలె. అంతేనా?" అంది. "ఇన్ని దినాలు చెవులు వినపడవని నేను సంబురపడ్డ, తెలుసా? వినపడలేదు పాపం అని. దాన్ని గూడ అడ్డం పెట్టుకుంటిరి. నేను చార్జింగ్ పెట్టి పెట్టి మీకు అబద్ధం ఆడే సాకు తయారుచేసి ఇచ్చిన."

ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు. మందుల చీటీలు ఒళ్లోనుంచి కింద పడితే నేను ఏరబోయాను, అంకుల్ ముందే వంగి ఏరాడు. ఏరుతూ అక్కడే నేలమీద, ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. చెవిలోని బడ్ తీసేస్తాడేమో, ఇక వినను అంటాడేమో అనుకున్నాను. తీయలేదు.

"సెప్పిందంత సెప్పనా?" అన్నాడు తల వంచుకునే. "బుధవారం అన్నవ్. ఎనిమిదింటికల్ల అక్కడ ఉండాలె, ఆరింటికే ఎల్లాలె అన్నవ్. ముందటి రాత్రి తిన్నంక మళ్ల ఏం తినొద్దన్నరన్నవ్. సుకన్య వస్తనంటే నేనే వద్దన్న అన్నవ్. అక్షితకు ఆపరేషన్ అయినంకనే ఫోన్ జెయ్యుమన్నవ్." ఏరిన చీటీలు ఆమె ఒళ్లో పెట్టాడు. "తర్వాత కంచాలు తీసుకొని వంటింట్లకు పోయినవ్. నల్లా ఇప్పినవ్. నాకు వినపడదనుకొని ఒక మాటన్నవ్."

ఆంటీ వంగి ఆయన ముఖంలోకి చూసింది. ఆ మాట సంగతి ఆమె నాకు కూడా చెప్పలేదు.

"నాక్కూడ భయమైతుంది దేవుడా, ఈయన పక్కనుంటే సాలు అన్నవ్. నేను విన్న శ్యామలా. నీకు భయం లేదనుకొని ఇన్నాళ్లు నేనొక్కన్నే భయపడుతున్న. నువ్వు గూడ భయపడుతున్నవని వినంగనే, ఇగ అక్కడ ఉండుడు నాతోని కాదనిపించింది."

"నేను భయపడుతుంటే పారిపోతరా ఎవలన్న?" అంది ఆమె, ఏడుస్తూనే.

ఆయన ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, అరిగిన కీలు ఎక్కడుందో వెతుకుతున్నట్టు నిమిరాడు. ఆమె ఆ చేతిని తోసేయలేదు, పట్టుకోనూ లేదు. నేను గిన్నె అక్కడే పెట్టి పైకి వచ్చేశాను. ఆ పూట కంపెనీ ఫోన్లకు ఆలస్యమైంది, మాట కూడా పడ్డాను.

బుధవారం ఆరింటికి కిటికీలోంచి చూశాను. ఇంటిముందు కారు ఉంది, ఇంజను నడుస్తోంది. అంకుల్ సంచి వెనక సీట్లో పెట్టి, ఆంటీ కోసం ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె ఒక్కో అడుగు వేసుకుంటూ వచ్చి, ఎక్కేముందు ఆగి, ఆయన చెవి దగ్గరికి వంగి మెల్లగా ఏదో అంది. ఏమందో పైకి వినపడలేదు. అంకుల్ ఊఁ అనలేదు. "పెడత" అన్నాడు. "నేనే పెడత సంతకం."